‘నీళ్లు చాలు’ అని నేను రాయలేను: మన గ్రామసభకు ఒక బహిరంగ లేఖ

మన ఊరి ఓటర్లందరికీ నమస్కారం.

ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. అందుకే ఈ ఉత్తరం సర్పంచ్ గారికో, వార్డు మెంబర్లకో కాకుండా, మీ పంచాయతీ కార్యదర్శిగా మీ అందరికీ రాస్తున్నాను. పంచాయతీకి వచ్చిన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చడానికి 2025 అక్టోబర్ 2న హైస్కూలు ఆవరణలో మొదలై మధ్యలో ఆగిపోయిన సభ గురించి ఊళ్లో రకరకాల కథలు తిరుగుతున్నాయి. ఒక కథలో నేను కాలనీ వాళ్ల పక్షం చేరిపోయాను. ఇంకో కథలో రామాలయం వీధి పెద్దలకు భయపడి మినిట్స్ పుస్తకం చంకన పెట్టుకుని పారిపోయాను. పుస్తకం పంచాయతీ ఆఫీసు బీరువాలోనే ఉంది. ఆఫీసు టైములో వచ్చి ఎవరైనా చూడొచ్చు. ఆ పేజీలో ఒక మూల చిరిగి ఉంటుంది, ఎందుకు చిరిగిందో కింద చెబుతాను.

ముందు డబ్బు సంగతి. పంచాయతీ ఖాతాలో ఆరు లక్షలు పడిన మాట నిజం. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో ఒక విడత అది. సభకు మూడు రోజుల ముందే ఈ మాట టీ కొట్టు దాకా వెళ్లిపోయింది. ఆరు లక్షలని తెలిసింది కానీ, అందులో మనం ఇష్టప్రకారం వాడుకోగలిగింది ఎంతో ఎవరికీ తెలియలేదు. అది రెండు లక్షల నలభై వేలు. మిగిలిన మూడు లక్షల అరవై వేలు ఢిల్లీ నుంచే పేరు రాసుకుని వచ్చాయి. అందులో సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు. సగం పారిశుద్ధ్యానికి. నూటికి అరవై ఇలా కట్టేసి, నలభై మనకు వదిలారు. మనకు వదిలిన నలభైని కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. ఆఫీసులో దీన్ని టైడ్, అన్‌టైడ్ అంటాం. సభలో ఈ ముక్క చెబుదామని రెండుసార్లు లేచాను. ‘లెక్కలు తర్వాత, ముందు రోడ్డు సంగతి తేల్చండి’ అని రెండుసార్లూ కూర్చోబెట్టారు.

ఆ రోజు దసరా కూడా. పండగ పూట సభేమిటని కొందరికి కోపం. గాంధీ జయంతి కాబట్టి మాంసం కొట్లు మూసేశారని ఇంకొందరికి కోపం. ఇంత చిరాకు మధ్య కూడా స్కూలు వరండా నిండిపోయింది. నేనిక్కడికి వచ్చాక ఇంతమందిని సభలో చూడలేదు. మామూలుగా కోరం కోసం డ్వాక్రా అక్కలను బతిమాలుకుని పిలుచుకొస్తాం. కొన్ని నెలల్లో సర్పంచ్ ఎన్నికలు రాబోతున్నాయని, ఈ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చితో అయిపోతుందని అందరి మనసులోనూ ఉంది. వెనక నుంచి ఎవరో అరిచిన మాట కూడా నాకు గుర్తుంది. ‘అప్పట్లో లాగా కరెంటోళ్లు పట్టుకుపోకముందే ఖర్చు పెట్టేయండి!’ ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2021లో ఆర్థిక సంఘం డబ్బును పంచాయతీల కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. ఒకసారి అలా జరిగాక, ఖాతాలో డబ్బు కనబడితే చాలు జనానికి తొందర పుడుతుంది.

రామాలయం వీధి వాళ్లు అడిగింది సీసీ రోడ్డు. అడగడంలో అన్యాయం ఏమీ లేదు. వాన పడితే ఆ వీధిలో బండి దిగి నడిపించుకుంటూ వెళ్లాల్సిందే, నేనూ అలాగే వెళ్తాను. నూట ఇరవై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. మన ఇంజనీరింగ్ అసిస్టెంట్ వేసిన ఎస్టిమేట్ అయిదు లక్షల ఇరవై వేలు. మనకున్న స్వేచ్ఛా నిధి మొత్తం పోసినా సగం వీధి కూడా పూర్తవదు.

ఇక్కడే రిటైర్డ్ మాస్టారు లేచారు. ఆయనకు రూల్స్ తెలుసు, అందులో నాకేమీ సందేహం లేదు. చేతిలో రెండు ప్రింటవుట్లు పట్టుకొచ్చారు. ఆయన చెప్పిన ఉపాయం వినగానే నాకు నిజంగానే ముచ్చటేసింది. తాగునీటి అవసరాలు పూర్తిగా తీరిపోయిన ఊళ్లో ఆ డబ్బును పారిశుద్ధ్యానికి మార్చుకోవచ్చని ఆర్థిక సంఘం షరతుల్లోనే ఉంది. తీరిపోయాయని గ్రామసభ ధ్రువీకరించాలి, పై అధికారులు దాన్ని ఖరారు చేయాలి. మాస్టారి లెక్క ఇలా సాగింది. సభ ఇవాళ ‘నీళ్లు చాలు’ అని తీర్మానం చేస్తుంది. నీటి లక్షా ఎనభై వేలు పారిశుద్ధ్యంలో కలుస్తాయి, మూడు లక్షల అరవై వేలవుతాయి. దాంతో రామాలయం వీధికి ఒక పక్క మూతలతో సహా డ్రైను. స్వేచ్ఛగా ఉన్న రెండు లక్షల నలభై వేలతో దాదాపు సగం వీధికి సీసీ. మిగిలింది వచ్చే విడతలో. ఆరు లక్షలూ ఒకే వీధిలో, అన్నీ రూల్ ప్రకారమే.

చప్పట్లు పడ్డాయి. మాస్టారు రెండో ప్రింటవుట్ పైకెత్తి చూపించారు. జల్ జీవన్ లెక్కల్లో మన ఊరికి నూటికి నూరు శాతం ఇళ్లకు కుళాయిలున్నట్టు ఉంది. ‘గవర్నమెంటు వెబ్‌సైటే చెబుతోందమ్మా, నువ్వూ నేనూ చెప్పేదేముంది? రాసెయ్యి.’

నేను రాయలేదు. కారణం సెంటిమెంటు కాదు. ఆ నూరు శాతం అనేది కుళాయిల లెక్క, నీళ్ల లెక్క కాదు. పైగా ఆ లెక్క కట్టిన తర్వాత కాలనీ చివర పదకొండు ఇళ్లు కొత్తగా లేచాయి. ఇంటి పన్ను వేశాం కాబట్టి మన రిజిస్టర్లో ఉన్నాయి, వెబ్‌సైటులో లేవు. ఆ పదకొండు ఇళ్లకూ కలిపి ఒక్క వీధి కుళాయి.

ఆ మాట నేను చెప్పేలోపే కాలనీ నుంచి వచ్చిన డ్వాక్రా లీడర్ లేచింది. వాళ్లు ఖాళీ బిందెలు పట్టుకొచ్చారు కానీ గొడవేమీ చేయలేదు, వరండా మెట్ల మీద వరసగా పెట్టి కూర్చున్నారు. ఆమె అన్నది ఒకే ఒక్క మాట. ‘కరెంటు పోయిన రోజే మాకు నీళ్లు బాగా వస్తాయండీ.’

సభ గొల్లున నవ్వింది. ‘కరెంటు లేకపోతే నీళ్లెలా వస్తాయే, మోటార్ నీ మొగుడు తొక్కుతాడా’ అని ఎవరో అన్నారు. ఎవరన్నారో రాయను, మీకు తెలుసు. ఆమె మళ్లీ మాట్లాడలేదు. అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మన ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. కాలువకు నీళ్లొదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకుంటాం, అక్కడి నుంచి ఫిల్టర్ బెడ్, ఆ తర్వాత మోటారు పెట్టి ట్యాంకుకు ఎక్కిస్తాం. కరెంటు కావాల్సింది అక్కడి వరకే. ట్యాంకు నిండాక వాటర్‌మేన్ వాల్వు తిప్పితే నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి. ట్యాంకు నిండి ఉంటే, పొద్దున్న నీళ్లు వదిలే ఆ గంటలో కరెంటు ఉన్నా లేకపోయినా కుళాయిల్లోకి రావాల్సిన నీళ్లలో తేడా ఉండకూడదు. తేడా ఉందంటే, ఆ గంటలో ఎక్కడో కరెంటుతో తిరిగేదేదో పైపులోంచి నీళ్లు లాగుతోందన్నమాట.

సభ తర్వాత రెండు పొద్దుటిపూటలు నేను, ఇంజనీరింగ్ అసిస్టెంట్, వాటర్‌మేన్ కలిసి బకెట్ పట్టుకుని తిరిగాం. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్, అంతే సరంజామా. ట్యాంకు పక్క కుళాయి దగ్గర బకెట్ యాభై సెకన్లలో నిండింది. కాలనీ చివరి వీధి కుళాయి దగ్గర నాలుగు నిమిషాల పైన పట్టింది. రెండో రోజు లైనులో పని ఉందని ఆ టైములో కరెంటు తీశారు. అదే కుళాయి, అదే బకెట్, సరిగ్గా రెండు నిమిషాలు.

కాబట్టి ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇళ్లలో కుళాయికే నేరుగా బిగించిన మోటార్లు కాలనీకి వెళ్లాల్సిన నీళ్లలో సగానికి పైగా మధ్యలోనే తాగేస్తున్నాయి. ఎవరెవరికి ఉన్నాయో వాటర్‌మేన్‌కు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. పంచాయతీ పైపుకు మోటారు పెట్టకూడదన్న సంగతి పెట్టినవాళ్లకూ తెలుసు. పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒక్క వీధిలోనే ఉన్నాయని కూడా అనుకోవద్దు. వచ్చే సభలోపు తీసేసినవాళ్లకు నోటీసు ఉండదు. తీయనివాళ్లకు నోటీసు వస్తుంది, ఆ తర్వాత కనెక్షన్ పోతుంది.

‘అయితే మోటార్లు తీయించు, పైపెందుకు?’ అని మాస్టారు అడుగుతారు. అడగాలి కూడా. మోటార్లన్నీ తీశాక కూడా ఆ కుళాయి దగ్గర బకెట్‌కు రెండు నిమిషాలు పడుతుంది. నీళ్లొదిలేది గంట. అంటే ముప్ఫై బకెట్లు, నాలుగు వందల యాభై లీటర్లు. ఆ పదకొండు ఇళ్లలో నలభై అయిదు మంది ఉన్నారు. మనిషికి పది లీటర్లు. ఇప్పుడైతే అయిదు లీటర్లు కూడా లేవు. జల్ జీవన్ వాళ్లు చెప్పేది మనిషికి రోజుకు యాభై అయిదు లీటర్లు. మాస్టారి చేతిలో ఉన్న కాగితం కూడా ఆ జల్ జీవన్ వాళ్లదే. ఎప్పుడో కాలనీలో ఇరవై ఇళ్లున్న రోజుల్లో వేసిన సన్న పైపు నుంచే తర్వాత వచ్చిన ఇళ్లన్నిటికీ కనెక్షన్లిచ్చుకుంటూ పోయాం. కుళాయిలు పెరిగాయి, పైపు మాత్రం లావెక్కలేదు.

ట్యాంకు దగ్గర నుంచి కాలనీకి విడిగా 90 ఎం.ఎం. లైను మూడు వందల యాభై మీటర్లు, ఒక వాల్వు, ఆ పదకొండు ఇళ్లకు కనెక్షన్లు. ఎస్టిమేట్ లక్షా డెబ్బై రెండు వేలు. నీటి కోసం వచ్చిన లక్షా ఎనభై వేలలో సరిపోతుంది. లైను విడిగా ఉంటే కాలనీకి ముందు అరగంట, ఊరికి తర్వాత గంట అని వాల్వు తిప్పి వంతులు వేసుకోవచ్చు. ఊళ్లో ఎవరైనా మళ్లీ మోటారు బిగించినా ఆ నీళ్ల జోలికి రాలేరు. ఎవరి నీళ్లూ తగ్గకుండా ఎలా కుదురుతుందని అనుమానం ఉంటే చెబుతున్నాను, ట్యాంకు రోజుకు రెండుసార్లు నింపుతున్నాం, మూడోసారి నింపే వీలుంది. మోటారు కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది. ఆ సంగతి దాచడం లేదు.

ఇప్పుడు చిరిగిన పేజీ సంగతి.

మన దగ్గరే కాదు, చాలాచోట్ల ఒక అలవాటుంది. సభ మొదలవగానే హాజరు పేజీ తిప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. తీర్మానం ఆ సంతకాలకు పైన వదిలిన ఖాళీలో తీరిగ్గా తర్వాత రాస్తారు. ఆ రోజు హాజరు పుస్తకం మెట్ల దగ్గరికి వెళ్లినప్పుడు కాలనీ ఆడవాళ్లెవరూ సంతకం పెట్టలేదు. ‘ముందు పైన ఏం రాస్తారో రాయండి, చదివి వినిపించండి, అప్పుడు వేలు పెడతాం’ అన్నారు. సంతకం పెట్టకపోతే వచ్చినట్టు లెక్కకాదని ఒకరు, పెడితే ఒప్పుకున్నట్టేనని ఒకరు, ఇద్దరూ పుస్తకం చెరో వైపు పట్టుకున్నారు. ఇంక్ ప్యాడ్ కిందపడింది. పేజీ మూల చిరిగింది. కుర్రాళ్లు ఫోన్లు తీశారు. సర్పంచ్ గారి పక్కన కూర్చున్న వారి భర్త ‘సంతకాలు చాలు, మిగతాది ఆఫీసులో రాసుకుందాం’ అన్నారు. నాకు ఆ క్షణం మాత్రం టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆఫీసులో రాసుకుంటే ఆ ఖాళీలో ఏ వాక్యం వస్తుందో నాకు తెలుసు. దాని కింద ఆ బిందెలు తెచ్చినవాళ్ల వేలిముద్రలు ఉండేవి.

సర్పంచ్ గారు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నా వైపు వంగి, ‘పైపుకెంతవుద్దన్నారు?’ అని అడిగారు. చెప్పాను. ‘అయితే ఇవాళ ఆపుదాం’ అన్నారు. అధ్యక్షురాలు ఆవిడే కాబట్టి సభ వాయిదా పడింది. ఆ రోజు పుస్తకంలో నేను రాసింది మూడు లైన్లే. సభ జరిగింది, నిధుల ఖర్చు మీద ఏకాభిప్రాయం కుదరలేదు, అధ్యక్షుల అనుమతితో వాయిదా. చిరిగిన మూల ఎలా చిరిగిందో కూడా పక్కన రాసి సంతకం చేశాను. ఆడిట్ వాళ్లు అడుగుతారు మరి.

నా పాత్ర గురించి కూడా ఒక మాట. పెద్దాయన ఒకరు ‘అమ్మాయ్, నువ్వు గవర్నమెంటు మనిషివి, ఊరు ఏమంటే అది రాయడమే నీ పని’ అన్నారు. నాకు ఓటు లేదు, నిజమే. రోడ్డా, దీపాలా అన్నదాంట్లో నా ఇష్టం అడగాల్సిన పని లేదు. ఊరు ఏది తీర్మానిస్తే అది రాస్తాను, నాకు నచ్చకపోయినా రాస్తాను. కానీ ‘తాగునీటి అవసరాలు పూర్తిగా తీరినవి’ అన్నది కోరిక కాదు, సర్టిఫికెట్. దాన్ని నమ్మి మండలం వాళ్లు, జిల్లా వాళ్లు సంతకం చేస్తారు. సభలో మెజారిటీ చేతులెత్తితే ఆ చేతుల లెక్క రాస్తాను. దాని కిందే బకెట్ లెక్కలూ రాసి పైకి పంపుతాను. బిల్లు ఎక్కాలంటే సర్పంచ్ గారి డిజిటల్ కీ, నా డిజిటల్ కీ రెండూ పడాలి. ఆ కాగితం మీద నమ్మకం లేకుండా నా కీ పెట్టలేను. ఇది బెదిరింపు అనుకుంటే అనుకోండి, ముందే చెప్పడం మర్యాద అనుకున్నాను.

మాస్టారి ఉపాయంలో ఇంకో చిక్కుంది, అది సభలో ఎవరూ అడగలేదు. మన గ్రామ అభివృద్ధి ప్రణాళికలో లేని పనికి ఈ-గ్రామ స్వరాజ్ వెబ్‌సైటులో బిల్లు ఎక్కదు. రామాలయం వీధి డ్రైను ఈ ఏడాది ప్లానులో లేదు. దిగువ వీధి డ్రైను ఉంది. అరవై మీటర్లు, లక్షా ముప్ఫై వేలు. ఆ వీధిలో వాన నీళ్లు వారాల తరబడి నిలిచి ఉంటాయి. మొన్నటి జ్వరాలన్నీ దాదాపు ఆ రెండు వరసల ఇళ్లలోవే అని ఆశా అక్క నాతో అంది. దాన్ని పక్కనపెట్టి కొత్తది చేర్చాలంటే ప్లాను మార్చాలి, మళ్లీ సభ పెట్టాలి, అప్పుడు దిగువ వీధి వాళ్లు ఊరుకోరు. పారిశుద్ధ్యం డబ్బులో డ్రైను పోగా మిగిలే యాభై వేలతో చెత్త రిక్షాలు బాగుచేయించి, కుళాయిల దగ్గర ఇంకుడు గుంతలు తవ్వించుకోవచ్చు.

ఇక నిజంగా మీరు తేల్చాల్సింది ఆ రెండు లక్షల నలభై వేల సంగతి. రెండే మాటలున్నాయి. ఒకటి, రామాలయం వీధిలో బాగా గోతులు పడ్డ మొదటి యాభై మీటర్లకు సీసీ. రెండోది, వీధి దీపాలు. కొత్త లేఅవుట్ వైపు స్తంభాలున్నాయి, దీపాల్లేవు. చెరువు గట్టు మీద కూడా అంతే, ట్యూషన్ నుంచి పిల్లలు వచ్చే దారి అది. ఎల్ఈడీలు, వైరు, స్విచ్ బాక్సులు అన్నీ కలిపి తొంభై వేల దాకా అవుతుంది. రెండూ కలిపి పెడితే రోడ్డు ముప్ఫై మీటర్లకు తగ్గుతుంది. ఏది ముందన్నది నేను చెప్పను, చెప్పకూడదు.

నిరుడు పల్లె పండుగలో పక్క ఊళ్లకు పడ్డ సీసీ రోడ్లన్నీ ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసినవి, పంచాయతీ డబ్బుతో కాదు. రామాలయం వీధి పూర్తి రోడ్డుకు సరైన దారి అదే. సభ తీర్మానం చేసి ఇస్తే ఆ వారమే ప్రతిపాదన పంపిస్తాను. ఎప్పుడు మంజూరవుతుందో నా చేతిలో లేదు. కాబట్టి ‘ఇప్పుడే సగమైనా వేయండి’ అనే కోరిక నాకు అర్థమవుతుంది.

చేదుగా ఉన్నా ఇంకో మాట చెప్పాలి. ఢిల్లీ షరతులేవీ లేకుండా మనం వాడుకోగలిగిన డబ్బు ఇంకోటి ఉంది. ఇంటి పన్ను. ఈ ఏడాది డిమాండు మూడు లక్షల నలభై వేలు, వసూలైంది లక్షా తొంభై వేలు. రావాల్సిన లక్షన్నర వస్తే దానికి టైడూ లేదు, అన్‌టైడూ లేదు, రోడ్డుకే పెట్టుకోవచ్చు. బకాయిల జాబితా ఆఫీసు బోర్డు మీద అంటించాను. ఆ రోజు గట్టిగా మాట్లాడినవాళ్లు ఒకసారి వచ్చి చూసుకుంటే బాగుంటుంది. కాలనీ పదకొండు ఇళ్లలో తొమ్మిదింటికి పూర్తిగా కట్టేశారు.

వాయిదా పడిన సభ వచ్చే గురువారం సాయంత్రం నాలుగు గంటలకు, అదే హైస్కూలు ఆవరణలో. దండోరా రెండు రోజుల ముందు వేయిస్తాం, కాలనీలో కూడా, ఈసారి చివరి వరస దాకా. ఎస్టిమేట్లన్నీ టేబుల్ మీద ఉంటాయి, ఎంత పైపు, ఎంత సిమెంటు అని ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను ఎవరైనా అడగొచ్చు. హాజరు సంతకాలకు వేరే పేజీ, తీర్మానాలకు వేరే పేజీ పెడుతున్నాను. ఒక్కో తీర్మానం రాశాక మైకులో చదువుతాను. అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే చెబితే అదీ రాస్తాను. సంతకాలు ఆ తర్వాతే. సర్పంచ్ గారు దీనికి ఒప్పుకున్నారు. ఆవిడ పక్కన కుర్చీ ఈసారి ఉపసర్పంచ్ గారికి.

నా బకెట్ లెక్క మీద నమ్మకం లేనివాళ్లు అదే గురువారం పొద్దున్న ఆరింటికి, నీళ్లు వదిలే టైముకు, కాలనీ చివరి కుళాయి దగ్గరికి రండి. మాస్టారిని ప్రత్యేకంగా పిలుస్తున్నాను. స్టాప్‌వాచ్ ఆయన చేతిలోనే పెడతాను. బకెట్ మీ ఇంటి నుంచే తెచ్చుకోండి, నాది చిన్నదనే అనుమానం కూడా ఉండదు.

ఇట్లు,
మీ పంచాయతీ కార్యదర్శి